కీవర్డ్ రీసెర్చ్: డిజిటల్ మార్కెటింగ్ ఇంటర్న్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్న్‌గా చేరగానే చాలామందికి ముందు చేతికొచ్చే పని ఇదే: "మన సైట్‌కి కీవర్డ్స్ తీసి ఒక షీట్ పెట్టండి." కీవర్డ్ అంటే జనం గూగుల్‌లో వెతకడానికి టైప్ చేసే మాట. టూల్ ఎలా తెరవాలో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. తెరిచాక వచ్చే వందల వరుసల్లో దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి, దేనికి ఏ పేజీ రాయాలి అన్న దగ్గర పని ఆగిపోతుంది. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచి వచ్చినవే.

ఉదాహరణకి మొదటి నుంచి చివరిదాకా ఒకే సైట్ తీసుకుందాం. ఫ్రీలాన్సర్లు, చిన్న వ్యాపారులు ఆన్‌లైన్‌లో ఇన్‌వాయిస్‌లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే సైట్ అది. కొత్తది, 20 పేజీలకి మించి లేవు. ఇది ఊహించుకున్న సైట్. దాని గురించి చెప్పే సెర్చ్ ఫలితాలు కూడా పద్ధతి అర్థం కావడానికి అనుకున్నవే.

## చివరికి నేను ఇవ్వాల్సింది ఏమిటి?

కీవర్డ్‌ల జాబితా కాదు, పేజీల జాబితా. షీట్‌లో ఒక్కో వరుస ఒక్కో పేజీ అవ్వాలి. ఆ పేజీకి ప్రధానమైన కీవర్డ్ ఏది, దాంతోపాటు అదే పేజీలో ఇమిడిపోయే మిగతా కీవర్డ్‌లు ఏవి, వెతికేవాళ్లకి కావాల్సింది ఏమిటి, ఆ పేజీ ఇప్పటికే సైట్‌లో ఉందా లేక కొత్తగా రాయాలా అన్నవి ఆ వరుసలో కనిపించాలి.

800 వరుసల ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని రంగులు వేసి పంపితే చూడ్డానికి బోలెడు పని చేసినట్టే ఉంటుంది. కానీ దాన్ని తెరిచిన కంటెంట్ రైటర్ రేపు ఉదయం ఏం రాయాలో అందులో ఉండదు. 12 వరుసలున్నా సరే, ప్రతి వరుసా ఒక నిర్ణయం అయితే ఆ షీట్ పనికొస్తుంది.

## టూల్ తెరవకముందే చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. ఒక గంట కేటాయించి, కస్టమర్లు ఆ వస్తువుని ఏ మాటలతో పిలుస్తున్నారో చూడండి. సపోర్ట్ టీమ్‌కి వచ్చిన మెయిల్స్, సేల్స్ వాళ్లు ఫోన్‌లో వినే ప్రశ్నలు, రివ్యూలు, సైట్ లోపల ఉండే సెర్చ్ బాక్స్‌లో జనం టైప్ చేసినవి, ఇవన్నీ మంచి చోట్లు. మన ఉదాహరణ కంపెనీ తన హోమ్ పేజీలో "బిల్లింగ్ సొల్యూషన్" అని రాసుకుని ఉండొచ్చు. కస్టమర్ మాత్రం "ఇన్‌వాయిస్ ఎలా పంపాలి", "క్లయింట్ డబ్బులు ఇవ్వట్లేదు, రిమైండర్ ఎలా రాయాలి" అని అడుగుతాడు. గూగుల్‌లోకి వెళ్లినా అవే మాటలు టైప్ చేస్తాడు.

అలా దొరికిన మాటల నుంచి నాలుగైదు విత్తన పదాలు ఎంచుకోండి. మనకైతే `invoice`, `invoice template`, `invoice software`, `payment reminder` సరిపోతాయి. ఈ విత్తనాలు తప్పితే ఆ తర్వాత ఎంత మంచి టూల్ అయినా ఆ తప్పు దిశలోనే ఇంకో 500 పదాలు తెచ్చిపెడుతుంది.

గూగుల్ సెర్చ్ బాక్స్‌లో విత్తన పదం టైప్ చేసి, కింద వచ్చే సూచనలు కూడా రాసుకోండి. ఫలితాల పేజీలో కనిపించే `People also ask` ప్రశ్నలు కూడా తీసుకోండి. వీటికి అంకెలు ఉండవు కాబట్టి చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో ఎక్స్‌పోర్ట్ ఫైల్ కంటే ఇవే నమ్మకమైన మొదలు.

## మా సైట్‌కి సెర్చ్ కన్సోల్ ఉంది. అందులో ఏం చూడాలి?

సైట్ కొంతకాలంగా నడుస్తుంటే ముందు అక్కడికే వెళ్లాలి. మిగతా టూల్స్ చూపించేవి అంచనాలు. సైట్ యజమానులకి గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ చూపించేది మీ సైట్ గూగుల్‌లో నిజంగా కనిపించిన సెర్చ్‌లు. పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, క్లిక్స్, ఇంప్రెషన్స్, సీటీఆర్, పొజిషన్ నాలుగూ ఆన్ చేసి, క్వెరీల జాబితా చూడండి. ఇంప్రెషన్స్ అంటే మీ సైట్ ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో, సీటీఆర్ అంటే అలా కనిపించినవాటిలో ఎంత శాతం క్లిక్ అయ్యాయో, పొజిషన్ అంటే ఫలితాల్లో ఎన్నో స్థానమో.

అందులో ఇంప్రెషన్స్ బాగానే ఉండి, సగటు పొజిషన్ 8 నుంచి 20 మధ్యలో ఉన్నవి వేరుగా తీయండి. గూగుల్ ఆ విషయానికి మీ పేజీని ఇప్పటికే చూపిస్తోందన్నమాట, కాకపోతే జనం చూసే ఎత్తులో లేదు. కొత్త పేజీ రాయడం కంటే ఉన్న పేజీలో లోటు పూడ్చడం చాలాసార్లు తక్కువ పని.

ప్రశ్నల రూపంలో ఉన్న సెర్చ్‌లు మాత్రమే కావాలంటే, ఫిల్టర్‌లో `Query` ఎంచుకుని, `Custom (regex)` కింద ఇది పెట్టండి:

```
^(how|what|why|when|can|difference)\b
```

కొన్ని పరిమితులు గుర్తుంచుకోవాలి. ఈ రిపోర్ట్ వెనక్కి 16 నెలల దాకానే చూపిస్తుంది, తెర మీద గరిష్ఠంగా 1,000 వరుసలే ఇస్తుంది. ఇంకోటి, చాలా తక్కువమంది వెతికిన క్వెరీలని గోప్యత కోసం గూగుల్ జాబితాలో చూపించదు. అందుకే క్వెరీల క్లిక్స్ అన్నీ కూడితే పైన ఉన్న మొత్తానికి సరిపోదు. లెక్క తప్పిందని టెన్షన్ పడాల్సిన పని లేదు.

## కీవర్డ్ ప్లానర్‌లో కచ్చితమైన అంకెలు ఎందుకు రావడం లేదు?

గూగుల్ కీవర్డ్ ప్లానర్ అసలు యాడ్స్ ఇచ్చేవాళ్ల కోసం తయారైన టూల్, గూగుల్ యాడ్స్ ఖాతాలో భాగంగా ఉంటుంది. ప్రకటనల మీద ఖర్చు పెట్టని ఖాతాలకి సాధారణంగా `1K – 10K`, `10K – 100K` లాంటి విశాలమైన పరిధులే చూపిస్తుంది. మొదటి పరిధిలో 1,200 సెర్చ్‌లున్న పదమూ ఉండొచ్చు, 9,000 ఉన్న పదమూ ఉండొచ్చు. అందుకే ఒకే పరిధిలో ఉన్న రెండు కీవర్డ్‌లని వాల్యూమ్‌ని బట్టి, అంటే నెలకి ఎన్నిసార్లు వెతుకుతారన్న అంకెని బట్టి, పోల్చకండి. "ఇది పెద్దది, ఇది చిన్నది" అని విడదీయడానికి మాత్రం ఆ పరిధులు చాలు.

ఇంకో విషయం. ఏకవచనం, బహువచనం లాంటి దగ్గరి రూపాలని ప్లానర్ తరచుగా కలిపేసి, రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. `invoice template`, `invoice templates` రెండు వరుసల్లో ఒకే అంకె కనిపిస్తే దాన్ని రెండింతలు చేసి మేనేజర్‌కి చెప్పొద్దు.

## అందులో `Competition` దగ్గర `Low` అని ఉంది. అంటే ర్యాంక్ సులువుగా వస్తుందనా?

కాదు. ఇంటర్న్‌ల షీట్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఆ కాలమ్ చెప్పేది ఆ పదం మీద ప్రకటనలు ఇవ్వడానికి ఎంతమంది పోటీ పడుతున్నారు అని. మామూలు ఫలితాల్లో పోటీకి దానితో సంబంధం లేదు. `what is an invoice` లాంటి పదం మీద ప్రకటన ఇవ్వడానికి పెద్దగా ఎవరూ డబ్బు పెట్టరు, కాబట్టి అక్కడ `Low` అని రావచ్చు. అదే పదానికి మామూలు ఫలితాల్లో పెద్ద పెద్ద సైట్లు తిష్ఠ వేసుకుని ఉండొచ్చు.

పక్కనే ఉండే `Top of page bid` కాలమ్‌లు మాత్రం పరోక్షంగా పనికొస్తాయి. ప్రకటన పేజీ పైభాగంలో రావడానికి ప్రకటనదారులు పెట్టే ధర అది. ఒక పదానికి ప్రకటనదారులు ఎక్కువ డబ్బు పెడుతున్నారంటే, ఆ సెర్చ్ వెనక కొనుగోలు ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఇక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది. మన ఉదాహరణలో `invoice factoring` అన్న పదం వస్తుంది. దాని బిడ్ చూసి "ఆహా, డబ్బున్న కీవర్డ్" అని షీట్‌లో పైన పెట్టేవాళ్లు ఉంటారు. అది ఇంకా డబ్బు రాని ఇన్‌వాయిస్‌లని ఫైనాన్స్ సంస్థకి అమ్మి ముందుగానే నగదు తీసుకునే వ్యవహారం. మన సాఫ్ట్‌వేర్ ఆ పని చేయదు. పదంలో మన మాట ఉన్నంత మాత్రాన ఆ పదం మనది అయిపోదు.

## ఒక్కో టూల్ ఒక్కో వాల్యూమ్ చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

ఏ ఒక్కదాన్నీ కాదు. ఏహెచ్‌రెఫ్స్, సెమ్‌రష్ లాంటి కీవర్డ్ టూల్స్ తమ సొంత డేటాతో, సొంత పద్ధతిలో అంచనా వేస్తాయి. షీట్ మొత్తానికి ఒకే టూల్, ఒకే దేశం సెట్టింగ్ వాడి, ఆ పేరు, తేదీ పైన రాయండి. సగం వరుసలు ఒక టూల్ నుంచి, సగం ఇంకోదాన్నుంచి తెస్తే పోలికకి అర్థం ఉండదు.

## సెర్చ్ ఇంటెంట్‌ని ఎలా పట్టుకోవాలి?

ఇంటెంట్ అంటే టైప్ చేసిన మనిషికి అసలు కావాల్సింది. తెలుసుకోవడం, ఫలానా సైట్‌కి వెళ్లడం, కొనే ముందు పోల్చుకోవడం, కొనడం లేదా వాడటం అని నాలుగు రకాలుగా పాఠాల్లో చెబుతారు. ఈ నాలుగు పేర్లతో షీట్‌లో ఒక కాలమ్ నింపేయడం సులువే. అయితే కీవర్డ్‌ని మాత్రమే చూసి నింపితే అది ఊహ. ఫలితాల పేజీ చూసి నింపితే అది పరిశీలన.

గూగుల్‌లో ఆ కీవర్డ్ టైప్ చేసి, మొదటి 10 మామూలు ఫలితాలు చూడండి. ప్రకటనలు వదిలేయండి. ఒక్కో ఫలితానికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఏ రకం పేజీ? వ్యాసమా, డౌన్‌లోడ్ పేజీయా, అక్కడికక్కడే పని చేసిపెట్టే టూలా, ఉత్పత్తి పేజీయా, "ఉత్తమమైన 10" లాంటి పోలికా?

మన ఉదాహరణలో `invoice template` అని వెతికామనుకుందాం. పదింటిలో ఎనిమిది పేజీలు టెంప్లేట్‌లని నేరుగా డౌన్‌లోడ్ చేసుకునేవి, లేదా తెర మీదే నింపుకునేవి. వ్యాసాలు రెండే. మేనేజర్ "ఈ కీవర్డ్ మీద 1,500 పదాల బ్లాగ్ రాద్దాం" అంటే, ఆ బ్లాగ్ ఎంత బాగున్నా అక్కడ ఇమడదు. వెతికేవాళ్లకి ఫైల్ కావాలి, మనం పాఠం ఇస్తున్నాం. రాయాల్సిన పని కంటే డిజైనర్‌తో నాలుగు టెంప్లేట్‌లు చేయించాల్సిన పని ఇక్కడ ఎక్కువ.

ఇప్పుడు `how to make an invoice` తీసుకోండి. పైకి చూస్తే ఇది వ్యాసం అడిగే ప్రశ్నే. ఫలితాల్లో మాత్రం ఆరు వ్యాసాలు, నాలుగు ఇన్‌వాయిస్ తయారుచేసే టూల్స్ వచ్చాయనుకుందాం. ఇది కలగలుపు. కొందరికి తెలుసుకోవాలని ఉంది, కొందరికి పని అయిపోవాలని ఉంది. అలాంటి చోట దశలవారీగా చెప్పే వ్యాసం రాసి, మధ్యలో మన టూల్‌కి దారి ఇవ్వడం సరైన పేజీ అవుతుంది. షీట్‌లో కూడా "తెలుసుకోవడం" అని ఒక్క ముక్కతో వదిలేయకుండా, "దశలవారీ వ్యాసం, మధ్యలో టూల్ లింక్" అని రాయండి. రైటర్‌కి అది ఉపయోగం.

చూసేటప్పుడు ఇన్‌కాగ్నిటో విండో వాడితే మీ ఖాతా పాత సెర్చ్‌ల ప్రభావం తగ్గుతుంది. మీరున్న చోటుని బట్టి ఫలితాలు మారడం మాత్రం ఆగదు. కస్టమర్లు వేరే దేశంలో ఉంటే, గూగుల్ సెర్చ్ సెట్టింగ్స్‌లో ప్రాంతం మార్చి చూడండి.

## రెండు కీవర్డ్‌లకి ఒకే పేజీ సరిపోతుందా, రెండు రాయాలా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కనుక్కోవడం వస్తే షీట్‌లో సగం పని తేలిపోతుంది. మాటల్ని చూసి తేల్చకండి. రెండు కీవర్డ్‌లనీ విడివిడిగా వెతికి, మొదటి 10 ఫలితాల్లో ఎన్ని లింకులు రెండింట్లోనూ ఉన్నాయో లెక్కపెట్టండి.

నేను వాడే కొలత ఇది, గూగుల్ చెప్పిన నియమమేమీ కాదు. ఐదూ అంతకంటే ఎక్కువ లింకులు కలిస్తే ఒకే పేజీ. ఒకటి లేదా అంతకంటే తక్కువ కలిస్తే వేరు పేజీలు. రెండు నుంచి నాలుగు మధ్యలో ఉంటే ఆ పేజీల్లోకి వెళ్లి చదవాలి.

మన సైట్‌కి ఇది వేసి చూద్దాం. `invoice generator`, `invoice maker` రెండూ వెతికితే ఏడు లింకులు కలిశాయనుకుందాం. వెతికేవాళ్ల దృష్టిలో ఈ రెండూ ఒకటే. ఒకే పేజీ చాలు, ఎక్కువమంది వాడే మాటని శీర్షికలో పెట్టి రెండోదాన్ని పేజీలో సహజంగా రానిస్తే సరిపోతుంది. రెండు పేజీలు పెడితే వాటికి చెప్పడానికి వేరే విషయమే ఉండదు.

`invoice template` పక్కన `proforma invoice template` పెట్టి చూస్తే ఒక్క లింకే కలిసింది. కారణం ఊహించవచ్చు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అమ్మకం ఖాయం కాకముందు పంపే పత్రం. అందులో ఉండే వివరాలు, వాడే సందర్భం రెండూ వేరు. `commercial invoice` కూడా అంతే, అది సరుకు సరిహద్దు దాటేటప్పుడు కస్టమ్స్ కోసం ఇచ్చేది. మాటలు దగ్గరగా ఉన్నా ఇవి వేర్వేరు పేజీలు అడుగుతాయి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి మధ్యలో ఆగేవి. `invoice template`, `invoice template excel` అని వెతికితే మూడు లింకులు కలిశాయనుకోండి. ఆ ఏడు వేరే లింకుల్లోకి వెళ్లి చూస్తే, ఎక్సెల్ ఫైల్ మాత్రమే ఇచ్చే పేజీలు, ఫార్ములాలు ముందే వేసి పెట్టినవి కనిపిస్తాయి. మన దగ్గర అలాంటి ఎక్సెల్ ఫైల్ తయారుగా ఉంటే వేరే పేజీ పెట్టొచ్చు. లేకపోతే ప్రధాన టెంప్లేట్ పేజీలో ఒక విభాగంగా ఉంచడమే మేలు. ఫైల్ లేకుండా పేజీ పెట్టి, "ఎక్సెల్ టెంప్లేట్ వల్ల లాభాలు" అని నాలుగు పేరాలు రాయడం అందరికీ టైమ్ దండగ.

ఇదంతా చేత్తో చేస్తే ఎంత సమయం పడుతుంది అంటే, 400 కీవర్డ్‌లకి చేయలేరు, చేయక్కర్లేదు కూడా. ముందు సంబంధం లేనివి తీసేయండి: ఇతర కంపెనీల లాగిన్ పేజీల కోసం వెతికేవి, ఉద్యోగాల కోసం వెతికేవి, పైన చెప్పిన ఫ్యాక్టరింగ్ లాంటివి. తర్వాత కంటికి ఒకేలా కనిపించేవి ఒక గుంపుగా చేయండి. గుంపుకి ఒక్క పదం చొప్పున మాత్రమే వెతికి పోల్చండి. 400 వరుసలు ఇలా 30, 40 గుంపులకి దిగుతాయి.

## డిఫికల్టీ స్కోర్ 20 లోపు ఉన్నవే తీసుకోమంటున్నారు. అది సరైన పద్ధతేనా?

ఆ కీవర్డ్‌కి ర్యాంక్ రావడం ఎంత కష్టమో టూల్స్ వేసే అంచనా అది. మొదటి జల్లెడగా పర్వాలేదు, తీర్పుగా కాదు. ఏహెచ్‌రెఫ్స్ స్కోర్, పైన ఉన్న 10 పేజీలకి ఎన్ని వేరే సైట్ల నుంచి లింకులు ఉన్నాయో చూసి వేసేది. సెమ్‌రష్ లెక్క వేరు. ఒకదాంట్లో 20, ఇంకోదాంట్లో 20 ఒకటి కాదు. ఈ స్కోర్‌లకి మీ సైట్ ఎంత కొత్తదో, ఆ విషయంలో దానికి ఎంత పట్టుందో తెలియదు. పేజీలో ఉన్న సమాచారం ఎంత బాగుందో కూడా అవి చూడవు.

కాబట్టి చివరికి మిగిలిన కీవర్డ్‌లకి కంటితో చూడండి. మొదటి 10లో మీ అంత చిన్న సైట్లు ఏవైనా ఉన్నాయా? ఫోరమ్ చర్చలు పైకి వచ్చాయా? పేజీలు పాతబడి, అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబివ్వకుండా ఉన్నాయా? వీటిలో రెండు అవునైతే, కొత్త సైట్‌కి కూడా చోటు ఉండొచ్చు. పదికి పది పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల పేజీలే ఉంటే, స్కోర్ 15 ఉన్నా అది మన పోటీ కాదు.

## వాల్యూమ్ సున్నా చూపించే కీవర్డ్‌లని తీసేయాలా?

కస్టమర్ నోటి నుంచి వచ్చినవి అయితే తీయకండి. రోజూ వచ్చే సెర్చ్‌లలో దాదాపు 15 శాతం తాము ఇంతకుముందు ఎప్పుడూ చూడనివని గూగుల్ చాలాసార్లు చెప్పింది. అంత కొత్తవాటికి ఏ టూల్ దగ్గరా అంకె ఉండదు. సున్నా అంటే "ఎవరూ వెతకరు" అని కాదు, "మా దగ్గర సరిపడా డేటా లేదు" అని.

మన ఉదాహరణలో సపోర్ట్ మెయిల్స్ నుంచి `how to ask client for overdue payment politely` అన్నది దొరికిందనుకుందాం. టూల్‌లో దాదాపు ఏమీ లేదు. కానీ దాన్ని టైప్ చేసే మనిషి ఎవరో చూడండి: ఇన్‌వాయిస్ పంపాడు, డబ్బు రాలేదు, ఇబ్బందిలో ఉన్నాడు. రిమైండర్లు వాటంతట అవే పంపే సాఫ్ట్‌వేర్ అమ్మే సైట్‌కి ఇంతకంటే దగ్గరి మనిషి దొరకడు. పైగా అదే అర్థంతో పదిమంది పది రకాలుగా అడుగుతారు, ఒక మంచి పేజీ వాటిలో చాలావాటికి కనిపించగలదు.

## గూగుల్ ట్రెండ్స్ ఎప్పుడు వాడాలి?

రెండు సందర్భాల్లో. ఒకటి, ఆసక్తి ఏడాదిలో ఎప్పుడు పెరుగుతుందో తెలుసుకోవాలంటే. రెండు, ఒకే అర్థమున్న రెండు మాటల్లో ఏది ఎక్కువ వాడుకలో ఉందో తేల్చాలంటే. అక్కడ కనిపించే 0 నుంచి 100 అంకెలు సెర్చ్‌ల సంఖ్య కాదు, ఎంచుకున్న కాలంలో అత్యధిక ఆసక్తిని 100గా పెట్టుకుని చూపించే పోలిక. 50 అంటే 50 సెర్చ్‌లు అని షీట్‌లో రాయకండి.

## అదే విషయం మీద ఇప్పటికే పేజీ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

గూగుల్‌లో ఇలా వెతకండి, `example.com` స్థానంలో మీ సైట్ పేరు పెట్టి:

```
site:example.com invoice template
```

సెర్చ్ కన్సోల్‌లో అయితే ఆ క్వెరీ మీద క్లిక్ చేసి, పేజీల ట్యాబ్‌కి వెళ్లండి. ఒకే క్వెరీకి మీ సైట్ నుంచి రెండు పేజీలు ఇంప్రెషన్స్ పంచుకుంటూ, వారానికొకటి మారుతూ, రెండూ వెనకబడి ఉంటే, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు పడుతున్నాయని అనుమానించాలి. అప్పుడు షీట్‌లో "కొత్త పేజీ" అని కాకుండా "ఈ రెండింటినీ కలపాలి" అని రాయండి. రెండూ మంచి స్థానాల్లోనే ఉంటే ముట్టుకోకండి. రెండు పేజీలు కనిపించడమే ఒక జబ్బు కాదు.

## పేజీలో కీవర్డ్ ఎన్నిసార్లు రావాలి?

లెక్క లేదు. టైటిల్‌లో, ప్రధాన శీర్షికలో, మొదటి పేరాలో సహజంగా వస్తే చాలు. అదే పదాన్ని కుక్కడం గూగుల్ స్పామ్ నియమాల్లో ఉంది. ఇక మెటా కీవర్డ్స్ ట్యాగ్ నింపమని ఎవరైనా చెబితే, వెబ్ ర్యాంకింగ్‌కి దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

## మేనేజర్ పెద్ద కీవర్డే కావాలంటున్నారు. ఏం చెప్పాలి?

వాదించొద్దు, ఫలితాల పేజీ చూపించండి. `invoice software` మొదటి 10 ఫలితాలని షీట్‌లో పక్క ట్యాబ్‌లో పెట్టి, ఒక్కోదాని ఎదురుగా అది ఎవరి సైట్, ఏ రకం పేజీ అని రాయండి. పదింటిలో ఏడు "ఉత్తమ సాఫ్ట్‌వేర్" జాబితాలే అయితే, అక్కడికి మన ఉత్పత్తి పేజీ చేరడం కష్టమని ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది. ఆ జాబితాల్లో మన పేరు వచ్చేలా చూసుకోవడం వేరే పని, అది కీవర్డ్ షీట్‌లోది కాదు.

దాని కిందే `invoice software for freelance designers` లాంటి ఇరుకైన పదం ఫలితాలు కూడా పెట్టండి. అక్కడ చిన్న సైట్లు కనిపిస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి, నిర్ణయం వాళ్లదే. పెద్ద కీవర్డ్‌ని షీట్ నుంచి తీసేయకుండా "తర్వాత" అని గుర్తు పెట్టి ఉంచితే వాళ్లకీ అభ్యంతరం ఉండదు.

## మన ఉదాహరణ షీట్ చివరికి ఎలా ఉంటుంది?

పైన చూసినవే కలిపితే మొదటి విడతకి ఐదు వరుసలు తేలతాయి. `invoice generator` గుంపుకి ఉన్న టూల్ పేజీనే వాడుతూ, శీర్షిక మార్చాలి. `invoice template`కి కొత్త డౌన్‌లోడ్ పేజీ, నాలుగు టెంప్లేట్‌లు డిజైనర్ నుంచి రావాలి, ఎక్సెల్ అందులో ఒక విభాగం. `proforma invoice template`కి విడిగా ఒక చిన్న పేజీ. `how to make an invoice`కి వ్యాసం, మధ్యలో టూల్ లింక్. ఆలస్యమైన చెల్లింపు గురించి అడిగేవాళ్ల కోసం, కాపీ చేసుకుని వాడుకోగలిగే మూడు నాలుగు మెయిల్ నమూనాలతో ఒక పేజీ.

నన్నడిగితే ఈ ఐదింట్లో చివరిదాన్నే ముందు రాయిస్తాను. వాల్యూమ్ కాలమ్ ప్రకారం చూస్తే అది అట్టడుగున ఉంటుంది. కానీ దానికి డిజైనర్ అక్కర్లేదు, పోటీ తక్కువ ఉండే అవకాశం ఉంది, చదివే మనిషికి మన సాఫ్ట్‌వేర్ అవసరం అప్పటికే ఉంది.

## పేజీ వేశాక, మన ఎంపిక సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ చిరునామాతో ఫిల్టర్ పెట్టి, అది ఏ క్వెరీలకి కనిపిస్తోందో చూడండి. మీరు ఎంచుకున్న ఒక్క కీవర్డ్ స్థానం రోజూ చూసుకోవడం వల్ల తెలిసేది తక్కువ. సాధారణంగా ముందు ఇంప్రెషన్స్ కదులుతాయి, క్లిక్స్ తర్వాత వస్తాయి. కొత్త సైట్‌కి దీనికి వారాలు కాదు, నెలలు కూడా పట్టొచ్చు.

క్వెరీలు మీరు అనుకున్న గుంపులోవే అయితే గుంపు సరిగ్గా కట్టారు, ఇక పేజీని మెరుగుపరచడమే మిగిలింది. ఇంప్రెషన్స్ వస్తున్నా అవి వేరే అర్థమున్న క్వెరీలకి అయితే, గూగుల్ పేజీని మీరు అనుకున్నట్టు అర్థం చేసుకోలేదు. మెయిల్ నమూనాల పేజీ `what is overdue` లాంటి క్వెరీలకి కనిపిస్తుంటే, టైటిల్‌లో "నమూనా మెయిల్స్" అన్న మాట ఉందో లేదో ముందు చూడండి. నమూనాలు పేజీలో ఎక్కడో కిందికి జారిపోయి, పైన నిర్వచనాలే ఉంటే క్రమం మార్చండి. మూడు నెలలు దాటినా ఇంప్రెషన్స్ దాదాపు ఏమీ లేకపోతే, కీవర్డ్‌ని అనుమానించే ముందు `URL inspection`లో ఆ పేజీ అసలు గూగుల్ ఇండెక్స్‌లో ఉందో లేదో చూసుకోండి.